దేవుడి మీద కోపం వచ్చినవాళ్ళతో ఏం మాట్లాడాలి?

ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్ళ మేనల్లుడు పోయిన నెల బండి మీద వెళ్తూ యాక్సిడెంట్‌లో చనిపోయాడు. రోజూ దీపం పెట్టనిదే కాఫీ తాగని వాళ్ళ వదిన పటాలన్నీ గోడ వైపు తిప్పేసింది. "వాడికసలు కళ్ళున్నాయా?" అంటోందట. "అలా అనకు వదినా, తప్పు" అన్నందుకు ఈవిడతో మాట్లాడడమే మానేసింది. ఇప్పుడేం చెయ్యాలని ప్రశ్న.

ముందు ఆ కోపం ఎలా పుడుతుందో చూద్దాం. బస్సులో ఎవరో మీ కాలు తొక్కారనుకోండి. వెనకనుంచి తోసుకొస్తే తూలిపడ్డాడని తెలిస్తే నొప్పి ఉంటుంది గానీ కోపం నిలవదు. కావాలనే తొక్కాడనిపిస్తే మాత్రం దిగిపోయాక కూడా రగులుతూనే ఉంటారు. నొప్పి అదే. తేడా అంతా మూడు ప్రశ్నల్లో ఉంది: చేసింది ఎవరు, కావాలనే చేశాడా, చెయ్యకుండా ఉండగలిగీ చేశాడా? అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త జూలీ ఎక్స్‌లైన్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన పరిశోధనల ప్రకారం, దేవుడి మీద కోపం కూడా మనుషుల మీద కోపం నడిచే దారిలోనే నడుస్తుంది. ఆయన కావాలనే, క్రూరంగా చేశాడనిపించిన కొద్దీ పెరుగుతుంది.

ఇప్పుడు మనం పరామర్శకు వెళ్ళి అనే మాటల్ని ఆ మూడు ప్రశ్నల పక్కన పెట్టి చూడండి. "మంచివాళ్ళని దేవుడు తొందరగా తీసుకుపోతాడమ్మా." అంటే తీసుకుపోయింది ఆయనే, ఏరి మరీ తీసుకుపోయాడు, అదీ పిల్లాడు మంచివాడైనందుకు! ఓదార్చబోయి ఆ తల్లి అభియోగానికి సాక్ష్యం చెప్పి వచ్చాం. "దేవుడు పరీక్ష పెడుతున్నాడు" అన్నా అంతే: నన్ను పరీక్షించడానికి వాడి ప్రాణం కావలసొచ్చిందా అని అడగదా? "పూర్వజన్మ కర్మ" అన్నది ఇంకా అన్యాయం. దేవుణ్ణి తప్పించి నేరం తల్లి నెత్తిన పెడుతుంది.

ఇక "అలా అంటే కళ్ళు పోతాయి" అని బెదిరించడం. ఎక్స్‌లైన్, జాషువా గ్రబ్స్ కలిసి ఈ కోపాన్ని ఎవరితోనైనా చెప్పుకున్నవాళ్ళని, విన్నవాళ్ళు ఏమన్నారని అడిగారు. అర్థం చేసుకుని వింటే దేవుడితో బంధం నిలుపుకున్నవాళ్ళే ఎక్కువ. సిగ్గుపడేలా మాట్లాడితే కోపం అలాగే ఉండిపోవడం, దేవుడికి దూరం కావడం, మత్తు వైపు మళ్ళడం ఎక్కువ కనిపించాయి. ఇది మనుషులు చెప్పిన జ్ఞాపకాల మీద చేసిన పని కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అని తేల్చి చెప్పలేం. కానీ నోరు మూయిస్తే భక్తి నిలుస్తుందన్న నమ్మకానికి మాత్రం ఇందులో ఆధారం లేదు. ఆ మాటకొస్తే గోల్కొండ ఖైదులో రామదాసు తాను చేయించిన నగల లెక్కలు చెప్పి మరీ రాముణ్ణి దులిపేశాడు. ఆ కీర్తనని మనం భజనల్లో పాడుకుంటాం, పక్కింటి తల్లి అదే పని చేస్తే అపచారం అంటాం.

మరి ఏమనాలి? "కళ్ళున్నాయా?" అన్నప్పుడు, "అంత నమ్ముకున్నావు వదినా. కోపం రాదా మరి" అని ఊరుకోండి. తర్వాతి మాట ఆమెనే అననివ్వండి. ఆమె అడిగేది జవాబు కోసం కాదు. పిల్లాడి గురించి చెప్పబోతే చెప్పనివ్వండి. పటాలు మీరు తిప్పి పెట్టకండి. అలాగని "అవును, దేవుడూ లేడు గీవుడూ లేడు" అని వంత కూడా పాడకండి. ఆమె పోట్లాడుతున్నది ఒకరితో, ఆ ఒకర్ని మీరు లాగేసుకోకూడదు. "అసలు ఉన్నాడంటావా?" అని సందేహం వస్తే రుజువులు ఏకరువు పెట్టొద్దు. మీరు నమ్మేది ఒక్క వాక్యంలో నిజాయితీగా చెప్పి, "నీకేమనిపిస్తోంది?" అని అడగండి. ఇప్పటికే మాట తూలి ఉంటే, "ఆ రోజు నిన్ను ఆపకుండా ఉండాల్సింది, ఇప్పుడు చెప్పు వింటాను" అంటే చాలు.

కంగారు పడాల్సింది కోపం చూసి కాదు, అది గడ్డకట్టినప్పుడు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కెనెత్ పార్గమెంట్ బృందం 55 ఏళ్ళు దాటి ఆసుపత్రిలో చేరిన 596 మందిని రెండేళ్ళు గమనించి 2001లో ఒక ఫలితం ప్రకటించింది. దేవుడు నన్ను వదిలేశాడా, నా మీద ప్రేమ లేదా లాంటి మథనం ఉన్నవాళ్ళలో, జబ్బు తీవ్రతని లెక్కలోకి తీసుకున్నాక కూడా, మరణాలు ఎక్కువ. వాళ్ళు వృద్ధ రోగులు, మన తల్లికి ఆ లెక్క నేరుగా వర్తించదు. 2004లో అదే బృందం చూసినదాని ప్రకారం, ఆరోగ్యం ఎక్కువ దిగజారింది ఆ మథనం రెండేళ్ళ తర్వాత కూడా వదలనివాళ్ళకి.

కాబట్టి నెలలు గడిచినా "ఇది నాకు పడిన శిక్షే" అన్న మాట దగ్గరే ఆగిపోయినా, తిండీ నిద్రా పట్టకపోయినా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. "నేనూ వాడి దగ్గరికే పోతాను" అంటే నెలల దాకా ఆగకండి, ఆ రోజే ఆమెని ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు.