సౌండ్‌బార్ గొడవకు మూలం 2009లో ఉంది

విజయనగరంలో సౌండ్‌బార్ పంచాయితీ మళ్లీ మొదలైంది. దసరాకీ సిరిమానోత్సవానికీ పెట్టిన ఆఫర్లలో కొన్నవాళ్లు ఒక్కొక్కరుగా షాపులకు తిరిగొస్తున్నారు. ఎక్కువమంది ఫిర్యాదు ఒకటే: టీవీలో మనిషి పెదాలు కదిపేశాక మాట వినిపిస్తోంది. కొందరి ఇళ్లలో ఇది తిరగబడి, మాట ముందొచ్చేసి పెదాలు తర్వాత కదులుతున్నాయి. బార్ మార్చి ఇమ్మని కొన్నవాళ్లు అడుగుతుంటే, బార్‌లో లోపమేమీ లేదు, టీవీ కంపెనీకి ఫోన్ చేయండని షాపువాళ్లు అంటున్నారు. టీవీ సర్వీసు మనిషి వచ్చి సెట్‌టాప్ బాక్సు మీదకు తోసేస్తున్నాడు. కేబుల్ ఆపరేటర్‌ని అడిగితే, టీవీ స్పీకర్లలో బాగానే వస్తోంది కదా, ఇందులో నా తప్పేముంది అని ఎదురు ప్రశ్న వేస్తున్నాడు.

నలుగురిలోనూ ఆపరేటర్ వేసిన ప్రశ్నే అసలు విషయానికి దగ్గరగా ఉంది. టీవీ సొంత స్పీకర్లలో కుదిరిన మాట, బార్ తగిలించగానే ఎందుకు తప్పుతోంది?

పాత పెట్టె టీవీల్లో బొమ్మ వచ్చిన వెంటనే తెర మీద పడేది కాబట్టి ఈ సమస్యే లేదు. ఫ్లాట్ టీవీలో మాత్రం అలా పడదు. బొమ్మను తెర సైజుకు పెంచాలి, మసక తగ్గించాలి, కదలికలను నునుపు చేయాలి. ఈ పనికి పదుల మిల్లీ సెకన్లు పడుతుంది, కొన్ని పిక్చర్ మోడ్‌లలో వంద దాకా పోతుంది. బొమ్మ తయారయ్యేదాకా టీవీ తన స్పీకర్లకు వెళ్లే శబ్దాన్ని కూడా ఆపి పెట్టి, రెండూ ఒకేసారి వదులుతుంది. టీవీ స్పీకర్లలో తేడా తెలియకపోవడానికి కారణం అదే.

శబ్దం బయటి పెట్టెలోకి వెళ్తే ఏం చేయాలన్న ఆలోచన, బొమ్మనూ శబ్దాన్నీ ఒకే వైరులో మోసే హెచ్‌డీఎంఐకి ప్రమాణం రాసినవాళ్లకు ముందే వచ్చింది. 2006లో వచ్చిన 1.3 వెర్షన్‌లో దానికి ఏర్పాటు ఉంది. అప్పట్లో డీవీడీ ప్లేయర్ వైరు ముందు హోమ్ థియేటర్ రిసీవర్‌లోకి వెళ్లేది, అక్కడి నుంచి టీవీకి. ‘నాకు బొమ్మ చూపించడానికి ఇంత సమయం పడుతుంది’ అని టీవీ చెబితే, రిసీవర్ అంతసేపు శబ్దాన్ని ఆపేది. శబ్దం ముందే చేతిలో ఉంది కాబట్టి ఆపడం తేలిక.

2009లో వచ్చిన 1.4 వెర్షన్ ఈ దారిని తిరగేసింది. అందులో కొత్తగా పెట్టిందే ఆర్క్. సెట్‌టాప్ బాక్సు, పెన్‌డ్రైవ్, టీవీలోని యాప్‌లు, అన్నిటి శబ్దమూ ముందు టీవీలోకి వస్తుంది. టీవీ దాన్ని అదే హెచ్‌డీఎంఐ వైరులో వెనక్కి, అంటే బార్‌కి పంపుతుంది. ఒక్క వైరుతో పని అయిపోతుంది, ఒక్క రిమోట్ చాలు. సౌండ్‌బార్ మన ఇళ్లలోకి రావడానికి ఈ సౌకర్యం పెద్ద కారణం. ఈ గొడవంతా మొదలైంది కూడా ఇక్కడే అని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆర్క్‌లో శబ్దం బార్‌కి చేరాక ఇంకెంత సమయం తింటుందో టీవీకి తెలియాలి. ఆ సంగతి బార్ తప్పనిసరిగా చెప్పాలన్న నియమం అప్పుడు పెట్టలేదు. ఉదాహరణకు టీవీ బొమ్మకు 80 మిల్లీ సెకన్లు తీసుకుంటోంది, బార్ శబ్దాన్ని విప్పడానికి 60 తీసుకుంటోంది అనుకుందాం. టీవీ శబ్దాన్ని ఆపకుండా పంపితే, మాట 20 ముందొస్తుంది. తన స్పీకర్లకు ఆపినట్టే 80 ఆపి పంపితే, మాట 60 వెనకబడుతుంది. అదే బార్, అదే టీవీ. టీవీ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌ని ఎలా రాసుకుందో దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. బార్ లోపమా, టీవీ లోపమా అన్న ప్రశ్నకు షాపు కౌంటర్ దగ్గర జవాబు దొరకనిది ఇందుకే.

ఈ నియమం తప్పనిసరి కావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2017 నవంబరులో వచ్చిన 2.1 వెర్షన్‌లోని ఈ-ఆర్క్‌లో, పెదాలకూ మాటకూ పొంతన కుదిర్చే ఏర్పాటు ఉండి తీరాలి. అయితే ఈ-ఆర్క్ టీవీలోనూ ఉండాలి, బార్‌లోనూ ఉండాలి. ఒకవైపే ఉంటే మళ్లీ పాత ఆర్క్‌గానే పనిచేస్తుంది. ఆ మాట అమ్మేటప్పుడు ఎంతమంది చెబుతున్నారన్నదే ఇవాళ్టి తగువు.

దాసన్నపేటలో ఒక ఇంట్లో జరిగింది చెబితే సంగతి తేటపడుతుంది. టీవీ కొన్నేళ్లనాటిది, వెనకాల పోర్టు దగ్గర ARC అని మాత్రమే ఉంది. కొత్త బార్ మీద ఈ-ఆర్క్ అని ఉంది. వార్తలు పెడితే మాట వెనకబడుతోంది. ఇంటాయన రిమోట్‌లో AV Sync అన్న ఆప్షన్ చూసి 0 నుంచి 100కి పెంచారు. తేడా తగ్గకపోగా ఇంకా పెరిగింది. అక్కడితో బార్ పాడైందని ఖాయం చేసుకున్నారు.

వచ్చిన మెకానిక్ బార్‌ని ముట్టుకోకుండా ముందు వార్తలు చూశాడు. ‘ప, బ, మ’ పలకాలంటే పెదాలు మూసుకోక తప్పదు. చదివే అమ్మాయి ‘బొబ్బిలి’, ‘భోగాపురం’ అన్నప్పుడు పెదాలు మూసి తెరిచేశాక మాట వినిపిస్తే శబ్దం ఆలస్యం. పెదాలు ఇంకా మూయకముందే వినిపిస్తే శబ్దం ముందు. ఏ వైపు తప్పిందో తెలియకుండా సెట్టింగులు కదిపితే పని రెట్టింపవుతుంది. తర్వాత బార్ ఆపి టీవీ స్పీకర్లలో విన్నాడు. అక్కడ కుదిరింది కాబట్టి ఛానెల్‌దీ బాక్సుదీ తప్పు కాదని తేలింది. టీవీ స్పీకర్లలో కూడా తప్పితే, ఛానెల్ మార్చి వెనక్కి రావడమో, బాక్సు ఆపి వేయడమో చేయాలి. అప్పుడు కుదిరి, గంటా రెండు గంటల్లో మళ్లీ జారుతుంటే అది బాక్సు జబ్బు.

“సౌండుని కాసేపు ఆపి పెట్టగలం గానీ, ముందుకి తొయ్యలేం కదండీ,” అన్నాడతను. AV Sync గురించి తెలుసుకోవలసింది ఇంతే. ఆ ఆప్షన్ ఆలస్యాన్ని కలుపుతుంది, తీసేయదు. మాట ముందొస్తున్న ఇంట్లోనే అది పనికొస్తుంది. మాట వెనకబడుతున్న ఇంట్లో దాన్ని 0 చేసి, టీవీలో కూడా ఇలాంటిదే Digital Audio Delay లాంటి పేరుతో ఉంటే దాన్నీ 0 చేసి, ఆలస్యం ఎక్కడ పుడుతోందో వెతకాలి.

ఈ ఇంట్లో అది రెండు చోట్ల పుట్టింది. మొదటిది టీవీలో Digital Sound Output అన్న చోట. అది Auto మీద ఉంది. అలా ఉంటే కొన్ని టీవీలు ఛానెల్ నుంచి వచ్చిన శబ్దాన్ని డాల్బీ డిజిటల్‌గా మళ్లీ మూట కట్టి పంపుతాయి. డాల్బీ డిజిటల్‌లో ఒక్కో మూట 32 మిల్లీ సెకన్ల శబ్దం. కట్టడానికి టీవీ, విప్పడానికి బార్ సమయం తీసుకుంటాయి. మూట కట్టకుండా పంపే PCMకి మార్చగానే ఈ కట్టడం, విప్పడం పోయాయి, మాట బాగా దగ్గరికొచ్చింది. దీనికి చెల్లించే ధర ఒకటుంది: ఆర్క్‌లో పీసీఎం అంటే రెండు ఛానెళ్ల శబ్దమే వెళ్తుంది, సినిమాలో చుట్టూ వినిపించే ఎఫెక్టు పోతుంది. వార్తలు, సీరియళ్లు చూసే ఇంటికి ఆ నష్టం తెలియదు. సినిమాల కోసమే బార్ కొన్నవాళ్లు Auto బదులు Pass Through పెట్టి చూడాలి. అందులో టీవీ మళ్లీ మూట కట్టదు, వచ్చింది వచ్చినట్టే పంపుతుంది.

రెండోది పిక్చర్ మోడ్. ఇంట్లో అబ్బాయి ఆట కోసం Game Mode పెట్టి అలాగే వదిలేశాడు. ఆ మోడ్‌లో టీవీ బొమ్మకు చేసే పనులు చాలావరకు మానేసి వెంటనే తెర మీద వేసేస్తుంది. బొమ్మ తొందరగా వచ్చేసరికి, శబ్దం ఉన్నచోటే ఉన్నా వెనకబడినట్టయింది. Standardకి మార్చారు. మిగిలిన తేడా అక్కడ పోయింది.

అంతా అయ్యాక ఇంకో చిక్కు తేలింది. కేబుల్‌లో కుదిరిన మాట, టీవీలోని యాప్‌లో సినిమా పెడితే కొంచెం ముందొస్తోంది. ఒక్కో దారికి ఒక్కో ఆలస్యం, బార్‌లో మీట మాత్రం ఒక్కటే. ఇక్కడ 1998లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సిఫారసు పనికొస్తుంది. దాని ప్రకారం శబ్దం 45 మిల్లీ సెకన్లు ముందొస్తేనే మనిషి పట్టేస్తాడు, ఆలస్యమైతే 125 దాకా పట్టుకోలేడు. మన విజయనగరం అయోధ్య మైదానంలో బౌండరీ దగ్గర కూర్చున్నవాళ్లకు బ్యాటు తగిలాక చప్పుడు రావడం అలవాటే. 34 మీటర్ల దూరానికి శబ్దం 100 మిల్లీ సెకన్లు తీసుకుంటుంది, మనకది వింతగా అనిపించదు. చప్పుడు ముందొచ్చి బ్యాటు తర్వాత తగలడం మాత్రం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అందుకని మెకానిక్ యాప్‌కి సరిపోయేలా AV Syncని 40కి పెంచాడు. కేబుల్‌లో మాట ఒక్క పిసరు వెనకబడినా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

షాపువాళ్ల వాదనలో నిజం లేకపోలేదు. బార్ చెడిపోలేదు, సెట్టింగులతో చాలా ఇళ్లలో సరిపోతుంది. కానీ షాపు తరఫున బిగించడానికి వచ్చే కుర్రాడు చాలాచోట్ల వైరు కూడా పెట్టకుండా బ్లూటూత్‌లో కలిపి, పాట వినిపించి వెళ్లిపోతున్నాడు. పాటకు పెదాలతో పని లేదు కాబట్టి అప్పుడు ఏమీ తెలియదు. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం 100 నుంచి 250 మిల్లీ సెకన్ల దాకా ఉంటుంది. సాయంత్రం వార్తలు పెట్టినప్పుడు బయటపడుతుంది. మీ టీవీ పోర్టు దగ్గర ఏం రాసి ఉందో ఫొటో తీసి తెమ్మని అమ్మే ముందు అడిగితే, ఈ తిరగడాల్లో సగం తప్పేవని కొన్నవాళ్లు అంటున్నారు. ఆ మాటకు షాపుల దగ్గర ఇంకా సరైన జవాబు లేదు.

పాత ఆర్క్ టీవీ ఉండి, బార్ ఇంకా కొనని వాళ్లు చూడాల్సింది బార్ వెనకాల HDMI IN అని వేరే పోర్టు ఉందా అని. తక్కువ ధర వాటిలో అది మామూలుగా ఉండదు. ఉంటే సెట్‌టాప్ బాక్సు వైరు నేరుగా బార్‌కి ఇచ్చి, బొమ్మను అక్కడి నుంచి టీవీకి పంపవచ్చు. అంటే 2009కి ముందటి దారి. అప్పుడు కేబుల్ మాట తప్పినా ఎక్కువగా ముందుకే తప్పుతుంది, దాన్ని AV Syncతో పది పది చొప్పున పెంచుకుంటూ సరిచేసుకోవచ్చు. యాప్‌ల శబ్దం మాత్రం అప్పుడు కూడా ఆర్క్ మీదుగానే రావాలి.