షుగరు చీటీలోంచి ఆస్పిరిన్ ఎందుకు పోతోంది?

కర్నూలు, ఆదోని వైపు షుగరు ఉన్నవాళ్ల పాత చీటీలు తీస్తే చాలావాటిలో రక్తం గడ్డ కట్టకుండా చూసే ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములది కనిపిస్తుంది. గుండెజబ్బు ఎప్పుడూ రానివాళ్లకు కూడా రాసేవాళ్లు. ఇప్పుడు డాక్టరు దాన్ని కొట్టేస్తే "ఇన్నేళ్లు ఊరికే మింగించారా?" అంటారు. ఊరికే కాదు, అప్పటి లెక్క వేరు.

1980ల చివర్లో అమెరికాలో సుమారు 22 వేల మంది మగ డాక్టర్లకు రోజు విడిచి రోజు ఆస్పిరిన్ ఇచ్చి చూస్తే, మొదటి గుండెపోటు 44 శాతం తగ్గింది. షుగరు ఉంటే గుండెకు ముప్పు ఎక్కువ కాబట్టి 1997లో అక్కడి డయాబెటిస్ సంఘం, ముప్పున్న షుగరు రోగులకు ఆస్పిరిన్ మంచిదని చెప్పింది. అయితే ఆ 22 వేల మంది కాలంలో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు అప్పుడప్పుడే వస్తున్నాయి.

2004లో కార్డ్స్ అధ్యయనం వచ్చింది. షుగరు ఉండి గుండెజబ్బు లేనివాళ్లు రోజుకు 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ వేసుకుంటే గుండెపోటు, పక్షవాతం లాంటివి మూడో వంతుకు పైగా తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో ఆ అధ్యయనాన్ని అనుకున్నదానికంటే రెండేళ్లు ముందే ఆపేశారు. బీపీ సంగతి ఇంత సాఫీగా తేలలేదు. పై అంకె 120 లోపుకు దించితే మేలా అంటే 2010లో అకార్డ్ అధ్యయనం మొత్తమ్మీద పెద్ద తేడా లేదంది, పక్షవాతం మాత్రం తగ్గింది. 2024లో చైనా అధ్యయనం మేలేనంది. ఈ మధ్య చాలామంది డాక్టర్లు 130/80 లోపు చాలంటున్నారు.

స్టాటిన్, బీపీ మందులు ముప్పును ముందే తగ్గించేస్తే ఆస్పిరిన్‌కు చేయడానికి మిగిలేది తక్కువే. 2018లో అసెండ్ అధ్యయనం దీన్ని తేల్చింది. గుండెజబ్బు లేని 15 వేలకు పైగా షుగరు రోగులను ఏడేళ్లకు పైగా చూశారు. వెయ్యి మందికి లెక్క కడితే ఆస్పిరిన్ 11 మందికి గుండెపోటు, పక్షవాతం లాంటివి తప్పించింది, 9 మందికి పెద్ద రక్తస్రావం తెచ్చింది. అంటే లాభనష్టాలు దాదాపు సరిసమానం.

మన దగ్గర తరాజు నష్టం వైపే ఒరిగే కారణం ఇంకోటుంది: మోకాళ్ల నొప్పి మాత్రలు. కోడుమూరు దగ్గర 61 ఏళ్ల రైతు ఒకాయన ఉన్నాడనుకోండి. పన్నెండేళ్ల షుగరు, గుండెజబ్బు లేదు. అటోర్వాస్టాటిన్, ఆస్పిరిన్ కలిపిన క్యాప్సూల్ వేసుకుంటాడు, నొప్పికి షాపులో డైక్లోఫెనాక్ కొంటాడు. రెండూ కలిసి కడుపులో పుండు చేస్తాయి. దొడ్డికి తారులా నల్లగా పోవడం, నాలుగడుగులేస్తే ఆయాసం, అప్పుడు పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7. ఆస్పిరిన్ వల్లే అని తెలిసి క్యాప్సూల్ మొత్తం మానేస్తాడు. అసలు చిక్కు అక్కడే, ఎందుకంటే దాంతోపాటు స్టాటిన్ కూడా పోయింది. కొన్ని వారాల్లోనే చెడు కొలెస్ట్రాల్ మళ్లీ పాత మట్టానికి చేరుతుంది. ఆయన డాక్టరును అడగాల్సింది ఆస్పిరిన్ లేని ఒట్టి అటోర్వాస్టాటిన్ బిళ్ల.

గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు, రక్తనాళం మూసుకుని పక్షవాతం వచ్చినవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్లు డాక్టరు చెప్పకుండా ఆస్పిరిన్ ఆపితే స్టెంటులోనో రక్తనాళంలోనో గడ్డ కట్టే ప్రమాదం ఉంది.