‘రామోఽస్మి’: ఒక్క పేరు చుట్టూ రెండు శతాబ్దాల వాదం

పద్యంలోని మాటకు నిఘంటువు చెప్పే అర్థం ఒకటి, ఆ పద్యంలో ఆ మాట మోసే అర్థం మరొకటి కావచ్చునన్న సంగతిలో మన ఆలంకారికులకు భేదాభిప్రాయం లేదు. ఆ రెండో అర్థం ఏ శక్తి వల్ల పుడుతుందన్న దగ్గరే తగవు వచ్చింది. ఆ తగవు చాలామేరకు ఒకే శ్లోకం మీద, అందులోని ఒకే పేరు మీద నడిచింది.

కాశ్మీరంలో అవంతివర్మ కాలంలో, అంటే 9వ శతాబ్ది ఉత్తరార్ధంలో, ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రెండో ఉద్ద్యోతంలో ఆ శ్లోకాన్ని ఉదాహరించాడు. సీతకు దూరమైన రాముడు వానకారు ఆకాశాన్ని చూస్తున్నాడు. నిగనిగలాడే నల్లని మేఘాలు, వాటి కింద ఎగిరే కొంగలు, తుంపరలు మోసుకొచ్చే గాలి, నెమళ్ల ఆనందకేకలు, ఇవన్నీ విరహిని కాల్చేవే. అవి ఎలా ఉంటే అలా ఉండనీ అంటూ అతడు ‘దృఢం కఠోరహృదయో రామోఽస్మి సర్వం సహే’ అంటాడు. నేను కఠినహృదయుణ్ణి, రాముణ్ణి, అన్నిటినీ సహిస్తాను; మరి వైదేహి ఏమవుతుందో, దేవీ, ధైర్యం వహించు అన్నది మిగతా భావం.

మాట్లాడేది రాముడేనని వినేవారికి ముందే తెలుసు కాబట్టి, పేరు చెప్పడం వల్ల కొత్త సమాచారం ఏదీ రాదు. ‘రామ’ తీసివేసి ‘కఠినహృదయుణ్ణి, అన్నీ సహిస్తాను’ అని మాత్రమే చదివి చూస్తే సూచింపబడే వ్యక్తి మారడు, వాక్యం కుంటుపడదు. కానీ మొదటి రెండు పాదాల మేఘాలకు ఎదురు నిలిచే బలం మాత్రం పోతుంది, ‘ఉండనీ’ అన్న మాట ఉత్త బింకంగా మిగులుతుంది. ఇక్కడ ఆ పేరు కేవలం వ్యక్తిని కాక, వ్యంగ్యమైన, అంటే సూచనగా స్ఫురించే, ధర్మాలతో పరిణతి చెందిన వ్యక్తిని బోధిస్తుందని ఆనందవర్ధనుడి వివరణ. వాచ్యార్థం చెడిపోకుండానే మరో అర్థంలోకి మారుతుంది కనుక దీన్ని అర్థాంతరసంక్రమితవాచ్యం అన్నారు.

ధ్వన్యాలోకానికి రాసిన లోచన వ్యాఖ్యలో అభినవగుప్తుడు ఆ ధర్మాలేమిటో చెప్పబోయి, రాజ్యం నుంచి వెళ్లగొట్టబడడం మొదలైనవి లెక్కకు అందవనీ, అందుకే వాటిని అభిధ, అంటే మాట నేరుగా అర్థం చెప్పే శక్తి, అందించలేదనీ అన్నాడు. నా దృష్టిలో అంతకంటే విలువైనది అతడే వేసిన మరో ప్రశ్న: రాముడంటే దశరథుని వంశంలో పుట్టినవాడు, కౌసల్య ముద్దుబిడ్డ, జానకిని పొందినవాడు కూడా కదా, ఆ అర్థాలు ఇక్కడ ఎందుకు స్ఫురించవు? ‘కఠోరహృదయ’ అన్న విశేషణమే దారి చూపుతుందని అతడి సమాధానం. పేరులో నిద్రపోతున్న వంద స్మృతుల్లో కష్టాలవే లేచి వచ్చేటట్టు పక్క మాట చేస్తోందన్నమాట. బరువైన పదం పద్యాన్ని నిలబెడుతుందని మనం తేలికగా అంటాం కానీ, ఆ బరువు ఎంతో, ఏ వైపుకో నిర్ణయించేది పద్యమే.

దీనికోసం వ్యంజన అనే కొత్త సూచనశక్తి దేనికని ముకులభట్టు అడిగాడు. ముఖ్యార్థం పొసగనప్పుడు దానితో సంబంధమున్న మరో అర్థాన్ని గ్రహించే లక్షణ ఉండనే ఉంది, అది చాలునన్నాడు. ఈ అభ్యంతరం తీసిపారేయదగినది కాదు, ఎందుకంటే పేరు చెప్పడం నిష్ప్రయోజనం కావడమే ఇక్కడ మనల్ని మరో అర్థం వైపు తోస్తున్నది. కుంతకుడు ఇదే శ్లోకాన్ని రూఢివైచిత్ర్యవక్రతకు ఉదాహరణగా తీసుకుని, వాడుకలో స్థిరపడిన మాటను కవి వంకరగా తిప్పడంలోనే అందమంతా ఉందన్నాడు.

11వ శతాబ్దిలో మమ్మటుడు కావ్యప్రకాశం ఐదో ఉల్లాసంలో ఎదుటిపక్షం వాదాన్ని దాని పూర్తి బలంతోనే వినిపించాడు. ‘రామ’ ఉన్న మూడు వేర్వేరు పాదాలను పక్కపక్కన పెట్టాడు. ఒకదానిలో అన్నీ సహించేవాడు, ఇంకొకదానిలో ప్రాణం మీది తీపితో ప్రేమకు తగని పని చేశానని తన్ను తాను నిందించుకునేవాడు, మూడోదానిలో పరాక్రమంతో లోకాలలో కీర్తి పొందినవాడు. లక్ష్యార్థమే ఇన్ని రూపాలు ధరించగలిగితే వ్యంజన ఎందుకన్నది ప్రశ్న. లక్ష్యార్థం ఎన్ని రూపాలలో వచ్చినా ముఖ్యార్థంతో నియతమైన సంబంధం ఉన్నదే కావాలి, వ్యంగ్యానికి ఆ కట్టుబాటు లేదు అని అతడి జవాబు. పైగా లక్షణను ఏ ప్రయోజనం కోసం వాడామో ఆ ప్రయోజనాన్ని అందించడానికి వ్యంజన తప్ప మరో దారి లేదన్నాడు.

ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రాసేనాటికి ఈ వాదం దాదాపు ముగిసింది. వ్యంజన అక్కడ శబ్దవృత్తుల్లో ఒకటిగా, పాఠ్యాంశంగా కనిపిస్తుంది. ఆ తర్వాత కొలచెలమ మల్లినాథుడు కాళిదాసుని శ్లోకాలకు వ్యాఖ్య రాస్తూ, అవసరమైన చోట ‘ధ్వన్యతే’ అనో ‘వ్యజ్యతే’ అనో ఒక్క ముక్క చెప్పి, దానికి సమర్థన అక్కరలేనట్టు తర్వాతి శ్లోకానికి వెళ్లిపోతాడు.