స్క్రీన్‌షాట్ పంపిన కదా సార్, ఇంకేం కావాలె?

నల్లగొండలో బ్యాంకు కౌంటర్ వెనక కూర్చుంటే, యూపీఐలో పంపిన డబ్బు చేరలేదని ఫిర్యాదు చేసేవాళ్ల నోట ఈ మాట రోజుకు నాలుగుసార్లు వినాల్సిందే.

అపోహ: స్క్రీన్‌షాట్ పెడితే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

బొమ్మ పెట్టి వెతికే సౌకర్యం మా దగ్గర లేదు. యూపీఐ లావాదేవీని 12 అంకెల యూటీఆర్ నంబరుతో పట్టుకుంటాం. యాప్ తన లెక్క కోసం ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవైన ఐడీ వేరు, చాలామంది అదే పంపుతారు.

జూన్‌లో నకిరేకల్ నుంచి ఒకాయన వచ్చాడు. తమ్ముడికి 8,500 పంపితే ఖాతాలో కట్ అయ్యాయి, అక్కడ చేరలేదు. కస్టమర్ కేర్‌కు "నా డబ్బులు పోయినయి, స్క్రీన్‌షాట్ చూడండి" అని ఒకే ముక్క రాశాడు. ఆ బొమ్మలో ఎర్ర గుర్తు, Payment failed, అంతే. తేదీ లేదు, నంబరు సగంలో తెగింది, పైన బ్యాటరీ 6 శాతం మాత్రం స్పష్టంగా కనబడుతోంది! పాపం, మూడు రాత్రులు నిద్రపోలేదట. పక్కన కూర్చోబెట్టి, హిస్టరీలో ఆ లావాదేవీ తెరిపించి, కింది దాకా కనిపించేలా కొత్తగా స్క్రీన్‌షాట్లు తీయించి, ఇలా రాయించాను:

> అయ్యా, 12-06-2025 సాయంత్రం 6.42కు, చివరి అంకెలు 4417 ఉన్న నా ఖాతా నుంచి యూపీఐ ద్వారా రూ. 8,500 పంపాను. యూటీఆర్: 516348207193. ఖాతాలో డబ్బు కట్ అయింది, అవతలి వారికి జమ కాలేదు, ఈ రోజు 16-06-2025 వరకు తిరిగి రాలేదు.
> స్క్రీన్‌షాట్ 1: యాప్‌లో లావాదేవీ వివరాల పేజీ. పైన Failed, మధ్యలో మొత్తం, తేదీ, అడుగున యూటీఆర్ ఉన్నాయి.
> స్క్రీన్‌షాట్ 2: నా స్టేట్‌మెంట్. మూడో వరుసలో అదే యూటీఆర్‌తో రూ. 8,500 డెబిట్ ఉంది.
> సొమ్ము తిరిగి జమ చేసి, ఫిర్యాదు నంబరు ఇవ్వగలరు.

రెండో బొమ్మే అసలు పట్టు. మొదటిది ఫెయిలైందని చెబుతుంది, డబ్బు నిజంగా పోయిందని చెప్పేది స్టేట్‌మెంటే. బొమ్మ తెరుచుకోకపోయినా ఉత్తరం చదివి పని మొదలుపెట్టవచ్చు.

అపోహ: పోయిన డబ్బు ఇక రాదు.

ఎవరు పుట్టిస్తారో ఈ పుకార్లు! రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు నిబంధన ప్రకారం, మనిషి నుంచి మనిషికి పంపిన యూపీఐ సొమ్ము చేరకపోతే మరుసటి రోజులోగా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు, మనం అడగకుండానే ఇవ్వాలి. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు.

తప్పు నంబరుకు పంపడం ఫెయిలవడం కాదు, దాని దారి వేరు. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతక్కండి, కార్డు వెనక ఉన్నదే వాడండి. ఉత్తరంలో పిన్, ఓటీపీ రాయొద్దు.

17వ తారీకు సాయంత్రం ఆయన 8,500 తిరిగి పడ్డాయి. వేరే ఎంట్రీగా 400 కూడా వచ్చాయి, అవి దేనివో అడగడానికి మళ్లీ ఫోన్ చేశాడు.