ఒక రోజు ముందే ఎందుకు వెళ్తానంటే

సండే స్కూలు పిల్లలకు,

ప్రసంగం ఆదివారమైతే తాతయ్య శనివారమే ఎందుకు బయలుదేరుతున్నారని మొన్న అడిగారు కదా. ఒక మే నెలలో జరిగిన సంగతి చెబుతాను.

సముద్రం ఒడ్డునున్న ఒక జాలరి పల్లె సంఘం నన్ను వాక్యం చెప్పడానికి పిలిచింది. జాలరులు కదా అని లూకా సువార్త 5వ అధ్యాయం ఎంచుకున్నాను. రాత్రంతా కష్టపడినా ఏమీ దొరకని పేతురు ప్రభువు మాట మీద మళ్ళీ వల వేయడం అందులో ఉంది. పది రోజుల ముందు అక్కడి పాస్టరు గారికి ఫోను చేసి రెండే ప్రశ్నలు అడిగాను. ఈ నెల మీవాళ్ళకు ఎలా గడుస్తోంది? ఈ మధ్య ఏ వాక్య భాగాలు చెప్పారు? మొదటి జవాబుతోనే నా ప్రసంగం పక్కన పెట్టాల్సి వచ్చింది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. పడవలన్నీ ఒడ్డున ఉన్నప్పుడు "లోతుకు వెళ్ళి వల వేయండి" అంటే వాళ్ళకు ఎలా ఉంటుంది?

పాస్టరు గారు ఇంకో మాట కూడా అన్నారు. ఫలానా కుటుంబం గుడికి రావడం లేదు, కాస్త గట్టిగా మందలించమన్నారు. అది మాత్రం నావల్ల కాదన్నాను. అవసరం గురించి అడిగితే ఒక మనిషి పేరు వచ్చిందంటే అది సంఘంలోని తగవు. అతిథి దానికి కర్ర కాకూడదు.

శనివారం మధ్యాహ్నం ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళ దగ్గర కూర్చున్నాను. వేట మొదలైతే అన్నీ సర్దుకుంటాయన్నారు. రాత్రి ఒక ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. అక్కడ ఎక్కువమంది స్త్రీలే. మీ అవసరాలేమిటని అడిగితే ఎవరైనా "ఆశీర్వాదం కావాలి" అనే అంటారు. అందుకే నేనేమీ అడగకుండా వాళ్ళ ప్రార్థన అంశాలు విన్నాను. ముగ్గురు వడ్డీ అప్పుల గురించి చెప్పారు. ఒకామె కొడుకు చదువు మానేశాడట.

ఆ రాత్రే రెండవ రాజులు 4వ అధ్యాయం తీశాను. అప్పులవాడు కొడుకులను తీసుకుపోతానన్న విధవరాలి కథ అది. ఎలీషా ప్రవక్త ఆమె దగ్గరున్న కాస్త నూనెతో పాత్రలన్నీ నిండే అద్భుతం మొదలుపెట్టక ముందే, నీకేమి చేయాలి, నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. మీ అప్పు తీరిపోతుందని నేను మాట ఇవ్వలేను. అందుకని నూనె దగ్గర కాక, ఆమె ఇరుగుపొరుగుల ఇళ్ళనుంచి అడిగి తెచ్చుకున్న ఖాళీ పాత్రల దగ్గర ఎక్కువసేపు ఆగాను. కొడుకు చదువు మాట మాత్రం ఎత్తలేదు. పేరు చెప్పకపోయినా అంత చిన్న పల్లెలో అది ఎవరి ఇల్లో అందరికీ తెలుస్తుంది.

ఆరాధన అయ్యాక ఆ తల్లి నా దగ్గరకు వచ్చి, కొడుకు కోసం ప్రార్థన చేయమని తానే అడిగింది.

మీ తాతయ్య