ఏటికి ఎదురీదే వెలుగు

ఆమధ్య ఒక పాఠశాలలో కృష్ణబిలాల గురించి మాట్లాడి ముగించాక, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి లేచి, "కాంతికి ద్రవ్యరాశే లేదని మా మాస్టారు చెప్పారండీ. మరి ద్రవ్యరాశి లేనిదాన్ని కృష్ణబిలం ఎలా పట్టుకుని లాగుతుందండీ?" అని అడిగింది. ఆ పూట నేను చెప్పిన సమాధానం నాకే తృప్తినివ్వలేదు. "గురుత్వాకర్షణ అంత బలంగా ఉంటుంది కనుక" అని మనం అలవాటుగా చెప్పే మాట ఆ ప్రశ్నకు జవాబు కాదు, ప్రశ్నను మరోసారి చెప్పడమే. ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేను పడిన బాకీ.

పాఠ్యపుస్తకాల్లో వచ్చే వివరణ పలాయన వేగంతో మొదలవుతుంది. భూమి మీది నుంచి సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగంతో విసిరిన రాయి తిరిగి రాదు. అంతకన్నా తక్కువైతే కొంత ఎత్తుకు పోయి వెనక్కి పడుతుంది. పలాయన వేగం కాంతి వేగాన్ని మించిపోయేంత భారీ నక్షత్రం ఉంటే అది మనకు కనబడదని జాన్ మిచెల్ అనే ఇంగ్లండు మతగురువు 1783లోనే ఊహించాడు. అయితే మిచెల్ ఊహించిన చీకటి నక్షత్రం నుంచి కాంతి పైకి బయలుదేరుతుంది, కొంత దూరం పోతుంది, ఆ తర్వాతే వెనుదిరుగుతుంది. దారి మధ్యలో ఎవరైనా ఉంటే వారికి ఆ నక్షత్రం కనబడుతుంది కూడా. ఇంజను ఆపకుండా మండించే రాకెట్టు అయితే ఎంత నెమ్మదిగానైనా అక్కడి నుంచి బయటపడవచ్చు. కృష్ణబిలం లోపల ఇవేవీ జరగవు. అక్కడ బయటి వైపు గురిపెట్టి వదిలిన కాంతి అంగుళమైనా పైకి పోదు. ఈ తేడాను చెప్పకుండా పలాయన వేగంతోనే పాఠం ముగించడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

తేడా ఎక్కడుందో తెలియాలంటే లాగడం అనే ఆలోచనను కాసేపు పక్కన పెట్టాలి. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో కాంతిని ఎవరూ లాగరు. కాంతి ప్రయాణించే స్థలమే, కాలంతో కలిసి, ద్రవ్యరాశి వల్ల వంగుతుంది. ఈ వంపును చూడడానికి ఉన్న పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది స్థలాన్ని ఏరులాగా ఊహించుకోవడం. దీనికి ఆధారమైన సమీకరణాలను 1921, 1922 సంవత్సరాల్లో ఇద్దరు విడివిడిగా రాశారు. ఒకరు ఫ్రాన్సుకు ప్రధానమంత్రిగా కూడా పనిచేసిన గణితవేత్త పాల్ పెన్లెవె. మరొకరు కంటిలో కాంతి వంగే తీరుపై చేసిన పనికి వైద్యశాస్త్రంలో నోబెల్ పొంది, ఐన్‌స్టీన్ సాపేక్షతను నమ్మని స్వీడన్ వైద్యుడు గుల్‌స్ట్రాండ్.

వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి పులస ఎదురీదుతూ వస్తుంది. నీటిలో ఆ చేప ఈదగల వేగానికి ఒక హద్దు ఉంటుంది. ప్రవాహం ఆ హద్దుకన్నా నెమ్మదిగా ఉన్నంతవరకు చేప ముందుకే పోతుంది. రెండూ సమానమైన చోట, ఎంత ఈదినా ఒడ్డున ఉన్నవాడికి అది ఉన్నచోటనే కనబడుతుంది. ప్రవాహం ఇంకా ఉరవడిగా ఉన్న చోట, తల ఎగువకే పెట్టి ఈదుతున్నా దిగువకు కొట్టుకుపోతుంది. ఇప్పుడు నీటి బదులు స్థలాన్ని, చేప బదులు కాంతిని పెట్టుకోండి. ద్రవ్యరాశి వైపు స్థలం అన్ని దిక్కుల నుంచీ ప్రవహిస్తూ ఉంటుంది. ఏ దూరంలోనైనా దాని వేగం అక్కడి పలాయన వేగమంతే ఉంటుంది. ఆ ప్రవాహంలో కాంతి ఎప్పుడూ సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతోనే ఈదుతుంది. ప్రవాహ వేగం సరిగ్గా కాంతి వేగానికి చేరే గోళాకారపు హద్దు పేరు ఘటనా క్షితిజం. దాని లోపలి ప్రాంతమే కృష్ణబిలం. సూర్యుణ్ణి 3 కిలోమీటర్ల వ్యాసార్థంలోకి, భూమిని దాదాపు 9 మిల్లీమీటర్లలోకి కుదించగలిగితే అవి కృష్ణబిలాలవుతాయి.

మన పాలపుంత నడుమ ధనూరాశి దిక్కున ఉన్న సాజిటేరియస్ ఎ-స్టార్ అనే కృష్ణబిలాన్ని తీసుకుని లెక్క వేద్దాం. దాని ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 43 లక్షల రెట్లు. క్షితిజం వ్యాసార్థం దాదాపు 1 కోటి 27 లక్షల కిలోమీటర్లు. కేంద్రం నుంచి ఆ వ్యాసార్థానికి నూరు రెట్ల దూరంలో ప్రవాహ వేగం కాంతి వేగంలో పదోవంతు మాత్రమే కనుక, బయటికి వచ్చే కాంతికి పెద్ద ఇబ్బంది ఉండదు. నాలుగు రెట్ల దూరానికి వస్తే ప్రవాహం కాంతి వేగంలో సగమవుతుంది, కాంతి నికరంగా సగం వేగంతోనే ఎగువకు సాగుతుంది. క్షితిజానికి పైన, ఆ వ్యాసార్థంలో పదివేలవ వంతు ఎత్తున, అంటే సుమారు 1,270 కిలోమీటర్ల ఎత్తున, బయలుదేరిన కాంతికి మిగిలే నికర వేగం సెకనుకు 15 కిలోమీటర్లే. క్షితిజం మీద అది సున్నా. లోపల, వ్యాసార్థంలో నాలుగోవంతు దూరంలో, ప్రవాహం కాంతికి రెండింతలు. అక్కడ బయటి వైపు వేసిన టార్చి వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల చొప్పున కేంద్రం వైపే కొట్టుకుపోతుంది. ఆ టార్చి పట్టుకున్నవాడికి మాత్రం వెలుగు ఎప్పటిలాగే తన చేతి నుంచి ముందుకు దూసుకుపోతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే అతడు అంతకన్నా వేగంగా కొట్టుకుపోతున్నాడు.

కాంతికన్నా వేగంగా ఏదీ పోదు కదా అని ఇక్కడ అడగవచ్చు. ఆ నియమం స్థలంలో కదిలే వస్తువులకు వర్తిస్తుంది, స్థలానికి కాదు; సుదూర గెలాక్సీలు మన నుంచి కాంతికన్నా వేగంగా దూరమవుతున్నది కూడా ఈ కారణంగానే. నిజానికి స్థలం నీరు కాదు, దానిలో కదిలే పదార్థమేమీ లేదు. ఏరు అన్నది సమీకరణాలను చదివే ఒక తీరు. తన చుట్టూ తాను తిరిగే కృష్ణబిలానికైతే ఈ ఏటికి సుడి కూడా కలపాలి, అప్పుడు లెక్క చాలా చిక్కుపడుతుంది.

ఇదంతా కాగితం మీది ఊహేనా? ఎస్2 అనే నక్షత్రం సుమారు 16 ఏళ్లకోసారి ఈ బిలాన్ని చుట్టివస్తుంది. 2018 మే నెలలో అది అన్నిటికన్నా దగ్గరగా, దాదాపు 1,800 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చినప్పుడు దాని వేగం సెకనుకు 7,600 కిలోమీటర్లు దాటింది, దాని కాంతి ఎరుపు వైపు జరిగినట్టు, అంటే తరంగదైర్ఘ్యం సాగినట్టు, చిలీలోని టెలిస్కోపులు కొలిచాయి. ఆ జరుగుబాటులో కొంత నక్షత్రం వేగానిదైతే, మిగిలినది ఎదురీదిన శ్రమది.

ఆ శ్రమ క్షితిజం దగ్గర హద్దు దాటుతుంది. లోపలికి పడిపోతున్న మనిషి టార్చి పచ్చటి వెలుగు వేస్తున్నాడనుకుందాం. చివరి దశలో దూరాన ఉన్న మనకు చేరే కాంతి తరంగదైర్ఘ్యం, సాజిటేరియస్ ఎ-స్టార్ విషయంలో, దాదాపు నిమిషానికోసారి రెట్టింపవుతుంది. పది నిమిషాల్లో అది అర మిల్లీమీటరు, ఇరవై నిమిషాల్లో అర మీటరు. అంటే రేడియో తరంగం. పడిపోయేవాడు క్షితిజం మీద శాశ్వతంగా నిలిచిపోయినట్టు కనబడతాడని రాసేవారు ఈ సంగతి వదిలేస్తుంటారు. వాడు నిలిచి కనబడడు, ఆరిపోతాడు.

పడిపోయేవాడి గడియారం మాత్రం ఆగదు. బహుదూరం నుంచి ఊరికే జారిపడినవాడు, బిలం తిరగనిదైతే, క్షితిజం దాటిన 28 సెకన్లకు కేంద్రాన్ని చేరతాడు. లోపల కేంద్రం ఒక దిక్కున ఉన్న చోటు కాదు, రాబోయే క్షణం. ఎటు తిరిగి నిలబడినా అది ముందే ఉంటుంది. కనుక రాకెట్టు ఇంజను ఎటు వైపు మండించినా అతడికి దొరికే గడువు 67 సెకన్లు మించదు, భయపడి మితిమీరి మండిస్తే ఆ గడువు ఇంకా తగ్గుతుంది.