పెద్దవాళ్ల మలబద్ధకం: ఇసబ్‌గోల్ కంటే ముందు మందుల సంచి చూడండి

డెబ్భై దాటినవాళ్లకు మోషన్ సరిగా కాకపోతే ఇంట్లోవాళ్లు ముందు ఇసబ్‌గోల్ డబ్బా తెచ్చేస్తారు. కొందరికి అది చక్కగా పనిచేస్తుంది. కొందరిని మాత్రం ఇంకా ఇబ్బందిలోకి నెడుతుంది. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ల ఇళ్లలో తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: రోజూ విరేచనం కాకపోతే మలబద్ధకమే.

రోజు విడిచి రోజు అయినా మెత్తగా, ముక్కాల్సిన పని లేకుండా అవుతుంటే మందు అక్కర్లేదు. వారానికి మూడుసార్లకన్నా తక్కువైనా, రోజూ వెళ్తున్నా గట్టిగా ముక్కాల్సి వస్తున్నా, ఇంకా లోపలే ఉండిపోయినట్టు అనిపిస్తున్నా అప్పుడు పట్టించుకోవాలి.

అపోహ: పీచు ఎంత తింటే అంత మంచిది.

పీచు నీటిని పట్టుకుని మలాన్ని మెత్తబరుస్తుంది. నీళ్లు చాలకపోతే అదే ముద్ద కట్టి అడ్డుపడుతుంది. అందుకే ఇసబ్‌గోల్ ఒక చెంచాకు నిండు గ్లాసు నీళ్లు ఉండాలి, కలిపిన వెంటనే తాగేయాలి. చాలామంది పడుకోబోయే ముందు అరగ్లాసు నీళ్లతో మింగుతారు, అది వద్దు. ఎక్కువగా మంచంమీదే ఉండేవాళ్లకు, మింగడం కష్టమైనవాళ్లకు ఇసబ్‌గోల్ అసలు సరైన ఎంపిక కాదు.

రాత్రి బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని పెద్దవాళ్లు నీళ్లు తగ్గించేసుకుంటారు. వద్దని తిట్టేకంటే, తాగాల్సినవి సాయంత్రం ఆరులోపే అయిపోయేలా చూడండి. మజ్జిగ, చారు కూడా లెక్కలోకి వస్తాయి. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పిన కొలత దాటకూడదు. తోటకూర, గోరుచిక్కుడు, జామపండు లాంటివి ఒక్కసారిగా కాకుండా రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి, లేకపోతే కడుపుబ్బరంతో మానేస్తారు.

అపోహ: వేసుకునే మాత్రలకూ దీనికీ సంబంధం లేదు.

ఒక పెద్దావిడను కూతురు తీసుకొచ్చింది. "నీళ్ల విరేచనాలండీ, ఆగట్లేదు, చీర కూడా పాడవుతోంది" అంది. అప్పటికే విరేచనాలు ఆగే మాత్ర వేశారు. మందుల సంచి బోర్లించి చూస్తే మోకాళ్ల నొప్పులకు ట్రమడాల్, షుగర్ వల్ల వచ్చే అరికాళ్ల మంటలకు అమిట్రిప్టిలిన్, వాటితోపాటు ఐరన్, కాల్షియం. ట్రమడాల్ మొదలైన కొన్నాళ్లకే మోషన్ బిగిసింది. ఇంట్లో రాత్రిపూట రెండు చెంచాల ఇసబ్‌గోల్ ఇచ్చారు.

గ్లవ్ వేసుకుని వేలితో పరీక్షిస్తే మలద్వారం పైనే గట్టిగా ఉండకట్టిన మలం తగిలింది. పైనున్న ద్రవం ఆ ఉండ పక్కనుంచి కారుతోంది, అంతే. అది విరేచనం కాదు, ముదిరిన మలబద్ధకం. ఆపే మాత్ర దాన్ని ఇంకా బిగించింది.

ఎనిమాతో మెత్తబరిచి, కొంత చేత్తో తీసి, తర్వాత రోజూ పాలీఇథిలిన్ గ్లైకాల్ పొడి ఇచ్చాం. ట్రమడాల్ బదులు పారాసెటమాల్, అమిట్రిప్టిలిన్ కొద్దికొద్దిగా తగ్గింపు, ఐరన్ రోజు విడిచి రోజు. ఇసబ్‌గోల్ ఆపేశాం. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు పేగు కదలికనే మందగింపజేస్తాయి. కదలని పేగులో పీచు నింపితే ప్రయోజనం ఉండదు. బీపీకి వాడే వెరాపమిల్, మూత్రం ఆపుకోలేని సమస్యకు ఇచ్చే సాలిఫెనాసిన్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ కూడా ఇదే పని చేస్తాయి. ఏదీ మీ అంతట మీరు ఆపకండి. స్ట్రిప్పులన్నీ తెచ్చి చూపించండి, ఏది ఎప్పుడు మొదలైందో చెప్పండి.

అపోహ: విరేచనం మందులన్నీ ఒకటే, పైగా అలవాటైపోతాయి.

ఒకటి కాదు, ఒక వరుస ఉంది. నడుస్తూ, నీళ్లు బాగా తాగేవాళ్లకు మొదట ఇసబ్‌గోల్. చాలకపోతే పేగులోకి నీళ్లు లాగే మందులు: లాక్టులోజ్ సిరప్ లేదా పాలీఇథిలిన్ గ్లైకాల్. వీటికి ఒకటి రెండు రోజులు పడుతుంది, మొదటి రోజే పనిచేయలేదని వదిలేయకండి. అప్పటికీ కాకపోతే పేగును కదిలించే బిసాకొడిల్ లేదా సెన్నా రాత్రి వేసుకుంటే మర్నాడు ఉదయానికి అవుతుంది. మలం కిందే ఆగిపోతే మలద్వారంలో పెట్టే సపోజిటరీ, ఆపైన ఎనిమా. ట్రమడాల్ మానలేనివాళ్లకు మొదటి మెట్టు దాటి నేరుగా రెండో, మూడో రకం ఇస్తాం. డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే పేగు చెడిపోతుందన్న భయం అక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు. కిడ్నీ బలహీనంగా ఉంటే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, ఫాస్ఫేట్ ఎనిమా సొంతంగా వాడొద్దు. మింగేటప్పుడు పొలమారేవాళ్లకు లిక్విడ్ పారాఫిన్ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది.

కొత్తగా మొదలైన మలబద్ధకంతో పాటు మలంలో రక్తం, బరువు తగ్గడం ఉంటే పరీక్షలు చేయించాలి. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకుండా ఉంటే ఇంట్లో ఏ మందూ వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.